పోలీసు లేని చట్టానికి దేశాలు ఎందుకు తలొగ్గుతాయి? అవాస్ టింగ్ని ఊరు చెప్పే సంగతి



ఆగస్టు 9 వచ్చిందంటే మన సభల్లో ఐక్యరాజ్యసమితి ఆదివాసీ హక్కుల ప్రకటన గురించి ఎవరో ఒకరు మాట్లాడతారు. సభ అయిపోయి భోజనాల దగ్గర కూర్చున్నాక ప్రతి ఏడూ అదే ప్రశ్న వస్తుంది. "అన్నా, ఆ కాగితాలతో ఏమొస్తుంది? ఏ దేశమైనా పాటించకపోతే అడిగేదెవరు? ప్రపంచానికి పోలీస్ స్టేషన్ ఉందా ఏంది?" ఈసారి దీనికి తీరిగ్గా జవాబు రాద్దామని కూర్చున్నాం.

ప్రశ్న న్యాయమైనదే. ప్రపంచానికి పోలీసు లేడు. హేగ్‌లో ఉన్న అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు చెప్పగలదు గానీ, ఒక్క కానిస్టేబుల్‌ని కూడా పంపలేదు. కానీ ఈ ప్రశ్న వెనక ఒక నమ్మకం దాగి ఉంది. పోలీసు ఉంటేనే చట్టం నడుస్తుందని, లేకపోతే నడవదని. ముందు దాన్ని మన ఊరి దగ్గరే పరీక్షించి చూద్దాం.

మన షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1/70 ఉంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించి, ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని కట్టుదిట్టం చేశారు. దీని వెనక పోలీసు ఉన్నాడు, తహసీల్దారు ఉన్నాడు, కోర్టు ఉంది, జైలు కూడా ఉంది. అయినా ఏజెన్సీ రోడ్డు పక్కన లేచిన మేడలు ఎవరివో మనకి తెలియదా? ఎల్‌టిఆర్ కేసు గెలిచి కూడా పొలంలో కాలు పెట్టలేని కుటుంబాలు మన చుట్టూ లేవా? అంటే పోలీసు ఉన్నంత మాత్రాన చట్టం అమలైపోదు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. ఆదిలాబాద్ గోండు గూడేల్లో రాయి సెంటర్ కూర్చుంటే దానికి లాఠీ లేదు, లాకప్పు లేదు. పెద్దలు తప్పు వేస్తారు, మనిషి కడతాడు. ఎందుకు కడతాడు? రేపు వాడింట్లో పెళ్లి జరగాలి, చావొస్తే నలుగురు రావాలి. వచ్చే ఏడు వాడి చేను గట్టు ఇంకొకడు జరిపితే, వాడు కూడా అదే పెద్దల ముందుకి రావాలి. నేను ఈ పంచాయతీని కాదంటే, నాకు అవసరమైన రోజున పంచాయతీ ఉండదు. ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు, అందరికీ తెలుసు.

దేశాల మధ్య చట్టం చాలావరకు ఈ రాయి సెంటర్ లెక్క మీదే నడుస్తుంది. ఒక దేశం విమానాన్ని ఇంకో దేశం తన ఆకాశంలోకి రానివ్వడం, మనం వేసిన ఉత్తరాన్ని వేరే దేశపు పోస్ట్‌మ్యాన్ ఇంటికి చేర్చడం, ఇవన్నీ ఒప్పందాల మీదే జరుగుతున్నాయి. నువ్వు మా విమానాన్ని ఆపితే నీ విమానాన్ని మేం ఆపుతాం. అక్కడ పోలీసుతో పనే లేదు.

"అవి ఇద్దరికీ లాభమున్న పనులు కాబట్టి చేస్తారు. నష్టం వచ్చే చోట చేస్తారా?" అని మీరడగొచ్చు. అసలు ప్రశ్న అదే. అందుకే తేలిక ఉదాహరణలు పక్కన పెట్టి, ఒక ప్రభుత్వం తన చేతిలోని అడవిని ఒక చిన్న ఆదివాసీ ఊరికి రాసివ్వాల్సి వచ్చిన కేసు తీసుకుందాం.

మధ్య అమెరికాలో నికరాగ్వా అని ఒక దేశం ఉంది. దాని ఉత్తర అట్లాంటిక్ తీరప్రాంతపు అడవుల్లో మయంగ్నా అనే ఆదివాసీల ఊరు అవాస్ టింగ్ని. కేసు నాటికి సుమారు 142 కుటుంబాలు, ఆరువందల పైచిలుకు మనుషులు. వేట, చేపలు, అడవి నరికి వేసే చేలు, అంటే మన పోడు లాంటివే. భూమి ఊరందరిదీ, ఒక్కరిది కాదు. కాగితం మాత్రం లేదు. 1987లో వచ్చిన ఆ దేశ రాజ్యాంగమూ, అదే ఏడాది వచ్చిన స్వయంపాలన చట్టమూ ఆదివాసీల ఉమ్మడి భూమిని గుర్తిస్తున్నామన్నాయి. గుర్తించి, కొలిచి, పట్టా ఇచ్చే పద్ధతి మాత్రం ఎక్కడా పెట్టలేదు. పట్టా లేదు కాబట్టి అది ప్రభుత్వ భూమే అని అధికారులు అనుకున్నారు. ఈ మాట మనకి కొత్త కాదు.

1996 మార్చిలో ప్రభుత్వం సోల్‌కార్సా అనే కలప కంపెనీకి దాదాపు 62 వేల హెక్టార్ల అడవిని 30 ఏళ్లకు ఇచ్చింది. అందులో ఈ ఊరి వాళ్ల భూమి కూడా ఉంది. వాళ్లని అడగలేదు. ఊరి వాళ్లకి ఈ ఒప్పందం సంగతి ముందే తెలిసి 1995 సెప్టెంబరులోనే తమ దేశంలోని కోర్టుకి వెళ్లారు. అక్కడ పిటిషన్ కొట్టేశారు. అక్టోబరులో జేమ్స్ అనయా అనే న్యాయవాది సాయంతో అమెరికా ఖండాల మానవ హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు చేశారు. ఈయనే తర్వాత ఐక్యరాజ్యసమితికి ఆదివాసీ హక్కుల ప్రత్యేక ప్రతినిధి అయ్యారు. కమిషన్ మాట ప్రభుత్వం వినలేదు. 1998 జూన్‌లో కమిషన్ కేసును ఆ ఖండాల మానవ హక్కుల కోర్టుకి పంపింది. ఆ కోర్టు కోస్టారికాలో ఉంటుంది.

ఈ లోపల 1998 మొదట్లోనే కలప ఒప్పందం రద్దయిపోయింది, ఎందుకంటే ఆ దేశపు సుప్రీంకోర్టే అది రాజ్యాంగ విరుద్ధమని చెప్పి ఉంది. కంపెనీ పోయింది గదా, ఇక కేసెందుకు అని ఊరి వాళ్లు ఊరుకోలేదు. ఈ కంపెనీ పోతే ఇంకోటి వస్తుంది, మాకు హద్దులు కావాలి, పట్టా కావాలి అన్నారు.

2001 ఆగస్టు 31న తీర్పు వచ్చింది. ఆదివాసీలు తరతరాలుగా తమ ఆచారం ప్రకారం అనుభవిస్తున్న భూమి, చేతిలో కాగితం లేకపోయినా, వాళ్ల ఆస్తేనని కోర్టు చెప్పింది. మానవ హక్కుల ఒడంబడికలో 'ఆస్తి హక్కు' అని రాసింది ఒక మనిషి ఆస్తికే కాదు, ఊరి ఉమ్మడి భూమికీ వర్తిస్తుందని అంతర్జాతీయ కోర్టు ఒకటి కట్టుబడి తీరాల్సిన తీర్పులో చెప్పడం అదే మొదలు. ఉమ్మడి భూములకు హద్దులు వేసి పట్టాలిచ్చే పద్ధతిని చట్టంలో పెట్టాలని, ఈ ఊరి భూమి పని 15 నెలల్లో పూర్తి చేయాలని, ఊరి మేలుకు పనికొచ్చే పనుల మీద 50 వేల డాలర్లు, ఖర్చుల కింద 30 వేల డాలర్లు పెట్టాలని ఆదేశించింది.

తర్వాతేమైంది? ప్రభుత్వం 15 నెలల్లో చేయలేదు. కానీ "మీ కోర్టు మాకు లెక్కలేదు" అని కూడా అనలేదు. 2002 డిసెంబరులో ఆ దేశ పార్లమెంటు 445వ నంబరు చట్టం చేసింది. ఆదివాసీ భూమికి దరఖాస్తు, తగాదాల పరిష్కారం, కొలతలు, పట్టా, చివరగా భూమిలో ఉన్న బయటివాళ్ల సంగతి తేల్చడం అని అయిదు దశలు పెట్టింది. పక్కనున్న మిస్కిటో ఊళ్లతో హద్దుల పేచీ వచ్చింది. దాన్ని తేల్చేసరికి ఏళ్లు గడిచాయి. చివరికి 2008 డిసెంబరు 14న అవాస్ టింగ్ని చేతికి పట్టా వచ్చింది. 73 వేల హెక్టార్లకు పైగా! ఒక్క సైనికుడు రాలేదు, ఒక్క తుపాకీ పేలలేదు. ఆరువందల మంది ఉన్న ఊరికి ప్రభుత్వం అంత అడవి రాసిచ్చింది.

ఎందుకు ఇచ్చింది? మంచితనంతో ఇచ్చిందని మేం అనుకోవడం లేదు. మా ఉద్దేశంలో ప్రభుత్వం నాలుగు చోట్ల చిక్కుకుంది.

మొదటిది, సంతకం. నికరాగ్వా 1979లో మానవ హక్కుల ఒడంబడికలో చేరింది, 1991లో ఆ కోర్టు అధికారాన్ని తానే ఒప్పుకుంది. ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. అంతర్యుద్ధం ముగిసి కొత్త ప్రభుత్వం వచ్చిన రోజులవి. ఒకసారి ఒప్పుకున్నాక, తీర్పు నచ్చలేదు కాబట్టి కోర్టే లేదని అనడం కష్టం.

రెండోది, సొంత రాజ్యాంగం. కోర్టు బయటి నుంచి తెచ్చి కొత్త మాట రుద్దలేదు. మీ రాజ్యాంగంలో మీరే రాసుకున్నది మీరెందుకు చేయలేదని అడిగింది. తీర్పు వచ్చాక అది దేశం లోపలి వాళ్లకు ఆయుధమైంది. తీరప్రాంత నాయకులు, లాయర్లు, ఎంపీలు దాన్ని పట్టుకుని చట్టం అడిగారు. అంతర్జాతీయ చట్టం ఎక్కువగా గెలిచేది ఇలాగే. బయటి పోలీసు తలుపు బద్దలు కొట్టి రాడు, లోపలున్నవాళ్లే గడియ తీస్తారు.

మూడోది, రాయి సెంటర్ లెక్క. ఇది మాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది. సముద్ర సరిహద్దు గురించి నికరాగ్వా తన పక్కదేశం హోండురాస్ మీద 1999 డిసెంబరులో హేగ్ కోర్టులో కేసు వేసింది. 2001 డిసెంబరులో, అంటే అవాస్ టింగ్ని తీర్పు వచ్చిన మూడు నెలలకే, కొలంబియా మీద కూడా వేసింది. తనకన్నా బలమైన కొలంబియాని "తీర్పుకి కట్టుబడు" అని అడుగుతున్న చిన్న దేశం, తన మీద వచ్చిన తీర్పుని చెత్తబుట్టలో వేస్తే ఆ మాటకి విలువేముంటుంది? చిన్న దేశాలకు సైన్యం కన్నా చట్టమే పెద్ద అండ. ఆ అండని తామే నరుక్కోవు.

నాలుగోది, డబ్బు, లెక్క చెప్పాల్సిన పని. భూమి రికార్డుల సంస్కరణకు ప్రపంచ బ్యాంకు 2002లో నిధులిచ్చిన ప్రాజెక్టులో ఆదివాసీ భూముల హద్దుల పని కూడా ఉంది. మరోవైపు కోర్టు తీర్పు చెప్పి ఫైలు మూయలేదు. ఎంతవరకు వచ్చిందని రిపోర్టు అడుగుతూనే ఉంది. పట్టా ఇచ్చాక 2009 ఏప్రిల్‌లో గానీ కేసు ముగిసిందని చెప్పలేదు. ప్రభుత్వాలు మారాయి, ఫైలు మాత్రం మారలేదు.

ఇక్కడితో ఆపేస్తే మీకు సగం నిజమే చెప్పినట్టు. మిగతా సగం రెండు ముక్కల్లో చెబుతాం.

ఒకటి, బలవంతుడి సంగతి. ఇదే నికరాగ్వా 1984లో అమెరికా మీద హేగ్ కోర్టుకి వెళ్లింది. తిరుగుబాటుదారులకు ఆయుధాలు, శిక్షణ ఇవ్వడం, ఓడరేవుల్లో మందుపాతరలు పెట్టడం చట్టవిరుద్ధమని 1986 జూన్ 27న కోర్టు నికరాగ్వా వైపు తీర్పు చెప్పింది. అమెరికా పాటించలేదు. భద్రతా మండలికి వెళితే వీటో వేసింది. చివరికి 1991లో ప్రభుత్వం మారాక నికరాగ్వాయే కేసు వెనక్కి తీసుకుంది. పై నాలుగు చిక్కుల్లో ఏదీ అమెరికాని గట్టిగా పట్టుకోలేకపోయింది. అప్పు కోసం ఎవరి దగ్గరా చెయ్యి చాచక్కర్లేదు, చిన్న దేశాల్లా కోర్టు అండతో బతకక్కర్లేదు. అయితే ఒకటి గమనించండి. అమెరికా కూడా "చట్టం లేదు, నా ఇష్టం" అనలేదు. ఈ కేసు వినే అధికారం కోర్టుకి లేదంది, తర్వాత ఆ కోర్టు తప్పనిసరి అధికారానికి తానిచ్చిన ఒప్పుకోలు వెనక్కి తీసుకుంది. ఎగ్గొట్టేవాడు కూడా చట్టం భాషలోనే సాకు వెతుక్కున్నాడు.

రెండోది మనకి ఇంకా దగ్గరి సంగతి. అవాస్ టింగ్నికి పట్టా వచ్చింది, కానీ 445వ చట్టంలోని అయిదో దశ, బయటివాళ్ల సంగతి తేల్చడం, సరిగ్గా జరగలేదు. పశువుల మేతకి, కలపకి, బంగారానికి బయటినుంచి వచ్చినవాళ్లు మయంగ్నా, మిస్కిటో భూముల్లోకి చొరబడుతూనే ఉన్నారు. 2020లో, 2021లో మయంగ్నా భూముల్లో జరిగిన దాడుల్లో ఆదివాసీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. నికరాగ్వా 2023 నవంబరులో అమెరికా దేశాల సంస్థ నుంచే బయటికి పోయింది.

ఇందులో మాకు ఒక తేడా కనిపిస్తోంది. చట్టం చేయడం, కొలతలు వేయడం, పట్టా మీద సంతకం పెట్టడం, ఇవన్నీ రాజధానిలో జరిగే పనులు. తీర్పు అక్కడికి చేరింది. చొరబడినవాడిని పొలం నుంచి పంపించడం మాత్రం ప్రభుత్వం తన ఓటర్లతో, తన వ్యాపారులతో తగువు పెట్టుకుంటేనే అవుతుంది. అక్కడికి తీర్పు చేరలేదు. విచిత్రం చూడండి. ప్రపంచ పోలీసు లేడు కాబట్టి ఆగిపోతుందనుకున్న పని జరిగింది. సొంత పోలీసు ఉన్న చోట జరగాల్సిన పని ఆగింది. మన 1/70 కథ కూడా ఇదే కదా.

మరి మన దేశం సంగతి? ఆసియాలో అలాంటి మానవ హక్కుల కోర్టు లేదు. ఆదివాసీల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 169వ ఒడంబడిక మీద భారత్ సంతకం పెట్టలేదు. 2007లో ఐక్యరాజ్యసమితి ప్రకటనకు అనుకూలంగా ఓటేసింది గానీ, అది ఒప్పందం కాదు, ప్రకటన. వేదికల మీద మనవాళ్లు ఈ రెంటినీ ఒకటే అన్నట్టు మాట్లాడతారు, అది పొరపాటు. మనకి నిజంగా సంతకం ఉన్నది అంతకుముందు వచ్చిన 107వ ఒడంబడిక మీద. భారత్ 1958లో దాన్ని ఆమోదించింది. ఆదివాసీలను కలిపేసుకోవాలనే పాత ఆలోచన దాంట్లో ఉంది, ఆ లోపం దాచక్కర్లేదు. కానీ అందులోని 11వ అధికరణం సంప్రదాయంగా ఉంటున్న భూముల మీద వాళ్ల యాజమాన్య హక్కుని, ఉమ్మడిగా గానీ విడిగా గానీ, గుర్తించాలంటుంది. 12వది, తప్పనిసరై కదిలిస్తే కనీసం అంతే నాణ్యమైన భూమి ఇవ్వాలంటుంది.

ఇది చచ్చిన కాగితం కాదు. ఒడిశా నియమగిరి కేసులో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదవండి. అటవీ హక్కుల చట్టంతో పాటు ఈ 107వ ఒడంబడిక పేరు కూడా అందులో ఉంది. కొండ మీద తమకున్న హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలని కోర్టు చెప్పింది. ఆ ఏడాది 12 గ్రామసభలు కూర్చున్నాయి, పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. తర్వాత 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. గడియ లోపలివాళ్లే తీశారు.

కాబట్టి "అడిగేదెవరు?" అన్న ప్రశ్నకి మా జవాబు ఇది. దేశాలు భయంతో పాటించవు. తాము పెట్టిన సంతకం, తాము రాసుకున్న రాజ్యాంగం, రేపు తమకూ పడే అవసరం, పదే పదే ఫైలు తెరిచి అడిగే మనుషులు, ఈ నాలుగూ ఒకచోట కలిసినప్పుడు పాటిస్తాయి. ఏ ఒక్కటి లేకపోయినా సందు వెతుక్కుంటాయి. మొదటి మూడూ మన చేతిలో లేవు. నాలుగోది ఉంది. అవాస్ టింగ్ని వాళ్లు కంపెనీ వెళ్లిపోయిన రోజున ఇంటికి పోలేదు. తీర్పు వచ్చిన రోజున పోలేదు. గడువు దాటితే 2003లో మళ్లీ తమ దేశపు కోర్టు మెట్లెక్కారు. మొదటి పిటిషన్ నుంచి పట్టా దాకా పదమూడేళ్లు.

మన గూడెంలో గ్రామసభ తీర్మానం రాసేటప్పుడు పెసాతో పాటు, అటవీ హక్కుల చట్టంతో పాటు, 1958లో ఈ దేశం ఆమోదించిన ఒడంబడిక 11వ అధికరణం అని ఒక్క వాక్యం కలపండి. చదివే అధికారికి అది కొత్తగా ఉంటుంది. రేపు కోర్టుకి పోతే జడ్జికి కొత్తగా ఉండదు. ఇంకా ముఖ్యం, ఆ తీర్మానం నకలు ఒకటి ఊళ్లో దాచుకోండి. పదమూడేళ్ల తర్వాత ఫైలు ఎక్కడుందని అడిగేది మన తమ్ముళ్లూ చెల్లెళ్లే.

జై ఆదివాసీ.